ఆదివారం చికెన్, శుక్రవారం పస్తు: తపస్సు కాలంలో ఒక ఇంటి పంచాయితీ

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి దగ్గర పల్లె. నా పుట్టిల్లు లూథరన్, అత్తిల్లు ఆర్‌సీఎం, అంటే రోమన్ కతోలిక. మా పుట్టింట్లో గుడ్ ఫ్రైడే ఒక్కరోజే ఉపవాసం ఉండేవాళ్లం. ఇక్కడ విభూది బుధవారం మొదలు ఈస్టర్ దాకా, తపస్సు కాలమంతా ఇంట్లోకి నీసు రానివ్వరు. ఆదివారాలు లెక్కలోకి రావు, చికెన్ తెచ్చుకుందాం అని మా వారు. వీల్లేదని అత్తగారు. ఆవిడకి 64 ఏళ్లు, షుగర్‌కి మాత్రలు వేసుకుంటారు. అయినా శుక్రవారాలు సాయంత్రం దాకా మంచినీళ్లు తప్ప ముట్టరు. పోయినేడు ఒక శుక్రవారం చెమటలు పట్టి పడిపోబోయారు. నాకు 8 నెలల బాబు, పాలిస్తున్నాను. నన్నూ ఉపవాసం ఉండమంటున్నారు. పెద్ద పాపకి తొమ్మిదేళ్లు, చాక్లెట్లు మానేస్తానంటోంది. వీటన్నిటికీ తోడు ఉపవాసాల పేరుతో రోజూ రెండు రకాల వంట నా నెత్తిన పడుతోంది. ఇందులో ఏది చర్చి నియమం, ఏది మా ఇంటి అలవాటు? ఎలా సర్దుకోవాలి?

సమాధానం: అమ్మా, ముందు నియమం చెప్పేస్తాను. మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నదానికంటే అది చాలా చిన్నది.

కతోలిక సంఘంలో ఉపవాసం తప్పనిసరి అయినవి ఏడాది మొత్తానికి రెండే రోజులు. ఒకటి విభూది బుధవారం, రెండోది పవిత్ర శుక్రవారం, అంటే మీరు చెప్పిన గుడ్ ఫ్రైడే. ఆ రెండు రోజులతో పాటు తపస్సు కాలంలో వచ్చే ప్రతి శుక్రవారమూ మాంసం మానాలి. నియమం అంతవరకే. ఉపవాసమనేది 18 ఏళ్లు నిండిన దగ్గర్నుంచి 59 నిండేదాకా వర్తిస్తుంది. మాంసం మానడం 14 నిండినవాళ్లందరికీ వర్తిస్తుంది, దానికి పై వయసు పరిమితి లేదు. ఇక ఉపవాసమంటే పస్తు కాదు. రోజులో ఒక పూట కడుపునిండా తినొచ్చు. మిగతా రెండు పూటలూ కొద్దికొద్దిగా తినొచ్చు, కాకపోతే ఆ రెండూ కలిపినా ఒక పూర్తి భోజనం కాకూడదు. మన లెక్కలో చెప్పాలంటే పొద్దున ఒక గ్లాసు రాగి జావ, మధ్యాహ్నం అన్నం, రాత్రి ఒక చిన్న చపాతీ. మంచినీళ్లు, మజ్జిగ, కాఫీ, టీ లాంటివి తాగితే ఉపవాసం చెడదు.

మరి మీ అత్తగారి పద్ధతి ఎక్కడిది? గాల్లోంచి ఊడిపడింది కాదు. 1917 నాటి ధర్మశాస్త్రంలో ఆదివారాలు తప్ప తపస్సు కాలంలోని రోజులన్నీ ఉపవాస దినాలే. శుక్రవారాలతో పాటు శనివారాలు కూడా మాంసం నిషేధం. 1966లో ఆరవ పౌలు పోపు ఆ కట్టడిని తగ్గించారు. ఇప్పుడు మనం పాటించేది 1983 ధర్మశాస్త్రంలో ఉన్నది. కాగితం మీద నియమం మారినంత త్వరగా వంటింట్లో మారదు కదా. మీ అత్తగారు నేర్చుకున్నది వాళ్లమ్మ దగ్గర, ఆవిడ వాళ్లమ్మ దగ్గర. కాబట్టి 'ఇది నియమం కాదత్తయ్యా' అని మీరు కాగితం చూపిస్తే ఆవిడకి అది తన తల్లిని తప్పుపట్టినట్టే వినిపిస్తుంది. ఆ పని మాత్రం చేయకండి. నియమం కంటే ఎక్కువ చేయడానికి ఎవరికైనా స్వేచ్ఛ ఉంది. అయితే ఆ ఎక్కువ తనకోసం తాను పెట్టుకున్నదే గానీ పక్కవాళ్ల మీద పెట్టేది కాదు. మీ ఇంట్లో చిక్కంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఆదివారం సంగతి. లెక్కలో మీ వారిదే పైచేయి. 2027నే తీసుకోండి. విభూది బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న. ఫిబ్రవరిలో 19 రోజులు, మార్చిలో పవిత్ర శనివారం దాకా 27 రోజులు, మొత్తం 46. మధ్యలో ఆరు ఆదివారాలు తీసేస్తేనే 40 వస్తుంది. ప్రతి ఆదివారమూ ప్రభువు లేచిన రోజు కాబట్టి ఆ రోజు ఉపవాసం ఉండకూడదన్నది మొదటి శతాబ్దాల నుంచీ వస్తున్న పద్ధతి. (అన్నట్టు ఆ ఏడాది విభూది బుధవారం సరిగ్గా గుణదల తిరునాళ్ల మధ్యలో పడుతోంది. కొండ దగ్గరికి బిర్యానీ క్యారేజీలతో వెళ్లేవాళ్లు ఇప్పటి నుంచే గుర్తు పెట్టుకోవాలి.)

లెక్కలో ఆయన గెలిచినా కోడి కోసుకోవడానికి అది చాలదు. ఆదివారాలు ఉపవాసంలోకి రావు గానీ తపస్సు కాలంలోకి వస్తాయి. మీరు పూజకి వెళ్తున్నారు కాబట్టి గమనించే ఉంటారు. ఆ ఆదివారాల్లో ఫాదర్ గారు వేసుకునేది ఊదారంగు వస్త్రాలే, నాలుగో ఆదివారం మాత్రం కొన్నిచోట్ల గులాబీ రంగు, ఆఖరిదైన మట్టల ఆదివారం ఎరుపు. అల్లెలూయ పాడరు, మహిమ గీతం ఉండదు, నాలుగో ఆదివారం తప్ప పీఠం మీద పూల అలంకారం ఉండదు. గుడే అంత నిదానంగా ఉన్నప్పుడు ఇంట్లో మసాలా ఘాటు వీధి చివరికి రావడం బాగోదు. ఇది నా అభిప్రాయం, నియమం కాదు.

నేనైతే ఇలా తీర్పు చెప్తాను. ఇంట్లోకి చికెన్, మటన్ రాకుండా ఉండటం మీ అత్తగారు మొక్కుకున్నట్టుగా సాగనివ్వండి. ఆవిడ ఇంట్లో పెద్ద, ఆరున్నర వారాలు పెద్ద కాలమేమీ కాదు. ఆదివారం మాత్రం కోడిగుడ్ల పులుసో చేపల పులుసో పెట్టుకోండి, దాన్ని ఆవిడ పాపమని అనకూడదు. మీ వారు ఇంట్లో సరేనని తలూపి ఊరి సెంటర్‌లో బిర్యానీ తినొస్తే ఆ రహస్యం రెండో వారానికే బయటపడుతుంది. అప్పుడు గొడవ బిర్యానీ గురించి కాదు, అబద్ధం గురించి జరుగుతుంది. ఆయనకి మానాలని లేకపోతే ఆ మాట వాళ్లమ్మతో నేరుగా చెప్పమనండి. మీ ద్వారా కబురు పంపవద్దని గట్టిగా చెప్పండి.

చేపలు తినొచ్చా అని మీరు అడగలేదు గానీ, పులుసు మాట నా నోట వచ్చింది కాబట్టి మీ అత్తగారు అడుగుతారు. నియమంలో మాంసమంటే నేల మీద తిరిగే జంతువులదీ పక్షులదీ మాంసం. చేప, రొయ్య, పీత, గుడ్డు, పాలు అందులోకి రావు. శుక్రవారమైనా సరే తినొచ్చు. పాతకాలంలో యూరప్‌లో మాంసమంటే పండగ భోజనం, చేప అంటే బీదవాళ్ల కూడు అని చెప్తారు. అందుకనే మాంసాన్ని మాన్పించి చేపను వదిలేశారంటారు. గుడ్లూ పాలూ కూడా చాలా శతాబ్దాలు నిషేధంలోనే ఉండేవి. నలభై రోజులు కోళ్లు పెట్టిన గుడ్లన్నీ పోగుపడి పండగనాడు బయటికి వచ్చేవి. ఈస్టర్‌కి రంగు గుడ్లు పంచే అలవాటు అలా గట్టిపడింది. ఇప్పటికీ తూర్పు సంఘాల వాళ్లు మనకంటే కఠినంగా ఉంటారు. మీకు కేరళ నర్సు స్నేహితురాలు ఎవరైనా ఉంటే అడిగి చూడండి. సిరో మలబారు వాళ్లకి ఇది యాభై రోజుల నోము, విభూది కూడా బుధవారం కాదు, సోమవారమే పెడతారు.

అయితే మన తీరంలో లెక్క తిరగబడింది. బతికున్న కొరమీను కిలో ధర అడిగితే బ్రాయిలర్ కోడి నవ్వుతుంది. శుక్రవారం మాంసం మానేశామని రొయ్యల ఇగురు, కొరమీను వేపుడు పెట్టుకుంటే నియమం తప్పినట్టు కాదు. కానీ మానింది ఏమిటో మీరే చెప్పాలి.

ఇక మీ అత్తగారి షుగర్. మీ ఉత్తరం మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ ఒక్క వాక్యమే.

ఆవిడకి 64. అంటే ఉపవాస నియమం ఆవిడ మీద నుంచి ఐదేళ్ల క్రితమే తొలగిపోయింది. వయసు లేకపోయినా జబ్బు చాలు, మినహాయింపు రావడానికి. ఇక ఆవిడ చేస్తున్న సాయంత్రం దాకా పస్తు ఏ నియమంలోనూ లేదు. షుగర్ మాత్రలన్నీ ఒకటి కాదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకి పస్తుంటే షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటివి వేరు. మీరు తిన్నా తినకపోయినా అవి ఇన్సులిన్‌ని బయటికి తోస్తూనే ఉంటాయి. పొద్దున మాత్ర వేసుకుని కడుపు ఖాళీగా ఉంచితే రక్తంలో చక్కెర 70 కంటే కిందికి జారిపోవచ్చు. అప్పుడే చెమటలు, చేతులు వణకడం, గుండె దడ, చూపు మసకబారడం, మాట తడబడటం వస్తాయి. పోయినేడు ఆవిడకి జరిగింది అదే అయ్యుండటానికి చాలా అవకాశం ఉంది. మాత్రల అట్ట తీసుకుని తపస్సు కాలం మొదలవ్వకముందే డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. 'శుక్రవారాలు పస్తుంటుంది' అనే మాట దాచకుండా చెప్పండి. ఆ రోజు మాత్ర మానేస్తే సరిపోతుందని ఇంట్లో మీరే తీర్మానించుకోవద్దు, అప్పుడు చక్కెర పైకి ఎగబాకుతుంది.

మళ్లీ అలా చెమటలు పడితే ఏం చేయాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. పావుగంట ఆగి మిషన్‌తో చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకున్నాక తప్పకుండా ఏదైనా తినిపించాలి, లేకపోతే కాసేపటికి మళ్లీ పడిపోతుంది. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయవద్దు, బండి ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆ గ్లాసు తాగితే ఉపవాసం చెడుతుందని ఆవిడ అనొచ్చు. ఆవిడకి అసలు ఉపవాసమే లేదు, చెడటానికి.

ఈ మాట మీరు చెప్తే వినరు, నాకు తెలుసు. కోడలి నోటి నుంచి వస్తే అది వంట తప్పించుకునే ఎత్తులా కనిపిస్తుంది. మీ విచారణ గురువుల దగ్గరికి, అంటే మీ గుడి ఫాదర్ గారి దగ్గరికి, ఆవిడను మీ వారే తీసుకెళ్లాలి. ఒక మనిషికి ఉపవాసం సడలించడానికి, దాని బదులు వేరే భక్తి కార్యం ఇవ్వడానికి విచారణ గురువులకు అధికారం ఉంది. 'మానేయండమ్మా' అంటే ఆవిడ ఒప్పుకోరు. 'దీని బదులు ఇది చేయండి' అంటే ఒప్పుకుంటారు. చేతిలో ఉన్న దాన్ని లాక్కుంటే ఎవరైనా ఊరుకోరు కదా. ఉదాహరణకి శుక్రవారం సాయంత్రం సిలువ మార్గానికి వెళ్లడం, వెళ్లలేని రోజు ఇంట్లోనే పద్నాలుగు స్థలాలూ చదువుకోవడం. ప్రతి స్థలం దగ్గరా మోకాళ్లూనాలని పట్టుపడతారు, కుర్చీలో కూర్చోనివ్వండి. ఆ రోజు తిండి ఇలా ఉంటే చాలు: ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, మాత్ర. ఒంటిగంటకి మామూలు కొలతలో అన్నం, పప్పు, కూర. ఐదింటికి మజ్జిగ. ఎనిమిదింటికి జొన్న రొట్టె. నీసు లేదు, తీపి లేదు, రెండో వడ్డన లేదు. ఆవిడ వయసుకి ఇది తక్కువ తపస్సేం కాదు.

మీ సంగతి సులువు. పాలిచ్చే తల్లికీ గర్భిణికీ ఉపవాసం లేదన్నది సంఘంలో ఎప్పటి నుంచో ఉన్న మాట. బాబు పక్క ఆహారం మొదలుపెట్టినా మీకు ఇంకా మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. శుక్రవారం మాంసం మానండి, పప్పూ గుడ్డూ పాలూ తగ్గించకండి. ఇంకేదో మానాలని మీకే ఉంటే తిండి జోలికి పోకుండా వేరేది చూసుకోండి.

పాప చాక్లెట్ల గురించి నాకు సొంత అనుభవం ఉంది. మా అమ్మాయి కూడా ఆ వయసులోనే చాక్లెట్ మానింది. బళ్లో పుట్టినరోజులకి ఇచ్చినవీ, చుట్టాలు తెచ్చినవీ తినకుండా ఒక బిస్కెట్ డబ్బాలో దాచింది. మేమంతా ఎంత నిగ్రహమో అని మురిసిపోయాం. ఈస్టర్ ఉదయం పూజకి వెళ్లేలోపు డబ్బా సగం ఖాళీ చేసి గుడి మెట్ల మీద వాంతి చేసుకుంది. తప్పు దానిది కాదు. మానడమంటే తర్వాతకి దాచుకోవడం కాదని మేము చెప్పలేదు.

తొమ్మిదేళ్ల పిల్లకి ఏ నియమమూ లేదు. 14 లోపు పిల్లలకి దాని అర్థం నేర్పమని మాత్రమే ధర్మశాస్త్రం తల్లిదండ్రులకి, గురువులకి చెప్తుంది. కాబట్టి తను అడిగింది కాబట్టి చేయనివ్వండి, మీరు పెంచకండి. రోజూ ఐదు రూపాయల చాక్లెట్ కొనుక్కునే పిల్లయితే ఆ ఐదు రూపాయలు సాయంత్రం తన చేత్తోనే ఒక డబ్బాలో వేయించండి. ఆదివారాలు తీసేస్తే నలభై రోజులకి 200 రూపాయలు. తపస్సు కాలంలో కారితాస్ ఇండియా వాళ్లు ఆకలి, జబ్బుల మీద ప్రచారం నడుపుతూ గుళ్లలో విరాళాలు తీసుకుంటారు. ఆ డబ్బా అక్కడికి వెళ్లొచ్చు, లేదా మీ వీధిలోనే మందులు కొనలేని ముసలమ్మకి వెళ్లొచ్చు. ఎవరికి ఇవ్వాలో పాపనే తేల్చనివ్వండి. స్నేహితురాలి పుట్టినరోజు మధ్యలో వచ్చి చాక్లెట్ తినేస్తే అది ఏడుస్తూ వస్తుంది. 'సరే, రేపటి నుంచి మళ్లీ' అని వదిలేయండి. తిన్న సంగతి నానమ్మ దగ్గర బయటపెట్టి పరువు తీయకండి.

ఇప్పుడు వంటింటికి వద్దాం. ఉపవాసాల కాలంలో మన ఇళ్లలో జరిగే వింత ఇదే. నీసు మానేశాం కదా అని దాని లోటు పూడ్చడానికి పనీర్ కూర, మీల్ మేకర్ వేపుడు, గుత్తివంకాయ, మధ్యలో గారెలు. తినేవాళ్లు తపస్సు చేస్తున్నారు, వండేది మాత్రం పెళ్లి వంట. మీ ఇంటి లెక్క నాకు తెలియదు, అంకెలు ఊహించి చెప్తాను, మీవి పెట్టుకుని చూసుకోండి. వారానికి రెండు కిలోల చికెన్, కిలో 250 అనుకుంటే 500 రూపాయలు. దాని బదులు వారానికి నాలుగు పనీర్ ప్యాకెట్లు, ఒక్కోటి 90 అయితే 360. మిగిలింది 140. ఆరున్నర వారాలకి 910 రూపాయలు. అదే పనీర్ కూడా లేకుండా పప్పు, ఆకుకూర, పచ్చడితో సరిపెట్టుకుంటే, కూరగాయలకి వారానికి వంద ఎక్కువ ఖర్చయిందనుకున్నా 400 మిగులుతుంది, మొత్తం 2,600. ఉపవాసం, ప్రార్థన, దానధర్మం మూడూ కలిపితేనే తపస్సు కాలమని గుళ్లో చెప్తారు. మానిన దాని డబ్బు ఇంకొకరి కంచంలోకి వెళ్లినప్పుడే ఆ మూడూ కలుస్తాయి. పనీర్ కొట్టువాడి గల్లాలోకి వెళ్తే కలవవు.

అందుకని ఒక మాట పెట్టుకోండి. బుధ, శుక్రవారాల్లో ఇంటిల్లిపాదికీ ఒకటే వంట. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. లేదా కిచిడీ, పెరుగు. ఉపవాసం ఉన్నవాళ్లూ అదే తింటారు, లేనివాళ్లూ అదే తింటారు. తేడా వడ్డించే కొలతలోనే గానీ పొయ్యి మీద గిన్నెల లెక్కలో కాదు. ఆదివారం పులుసు మీ వారు చేస్తారు. చేతకాదంటే ఈ కాలంలో ఆరు ఆదివారాలున్నాయి, నేర్చుకోవచ్చు. 'ఈ తపస్సు కాలంలో నువ్వేం మానతావు?' అని మీ అత్తగారు ఆయన్ని అడిగినప్పుడు చెప్పుకోవడానికి కూడా పనికొస్తుంది.

ఒకవేళ ఇంట్లో ఎవరైనా కాఫీ మానతామంటే ముందే హెచ్చరించండి. పెళ్లైన మొదటి ఏడు నేను విభూది బుధవారం నాడే కాఫీ ఆపేశాను. గురువారం మధ్యాహ్నానికి తల పగిలిపోయింది. శుక్రవారం సిలువ మార్గం నుంచి వస్తూ దారిలో మా ఆయనతో, ఇంటికొచ్చి పాలవాడితో, రాత్రి దేవుడితో పోట్లాడాను. రోజుకి నాలుగు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి ముదురుతుంది, వారం దాకా కూడా ఉండొచ్చు. ముందు వారం నుంచే నాలుగుని మూడు, మూడుని రెండు చేసుకుంటూ వస్తే ఆ బాధ ఉండదు. ఉపవాసం ఉన్నవాళ్లు మొహం వేలాడేసుకోవద్దు, తల అంటుకుని మొహం కడుక్కోండి అని యేసు ప్రభువు చెప్పిన సువార్త భాగాన్నే ప్రతి విభూది బుధవారం పూజలో చదువుతారు. ఆ ఏడు నేను నుదుట బూడిద పెట్టించుకునే ముందు విన్నాను గానీ చెవికెక్కలేదు.

చివరి వారంలో మీకు పుట్టింటి మీద బెంగ వస్తుంది, అది సహజం. పవిత్ర శుక్రవారం మీ లూథరన్ గుడిలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ధ్యానం ఉంటుంది. ఇక్కడ సాధారణంగా మూడింటికి ఆరాధన, ఆ రోజు పూజ ఉండదు. రెండింటికీ పరుగెత్తాలని చూడకండి, చంటిబిడ్డతో కుదరదు. ఒక ఏడు అటు, ఒక ఏడు ఇటు అనుకోండి. లేదా పొద్దున వీధుల్లో జరిగే సిలువ మార్గానికి అత్తగారితో వెళ్లి, మధ్యాహ్నం పుట్టింటి గుడిలో కూర్చోండి. ఆ ఊరేగింపులో ఎండ మాడిపోతుంది. నీళ్ల సీసా, గొడుగు, అత్తగారి కోసం చిన్న పొట్లంలో పంచదార మీ సంచిలో ఉంచుకోండి.

ఇవన్నీ విభూది బుధవారం నాటికి తేలాలి. దానికి ముందు ఆదివారం రాత్రి అన్నాలయ్యాక అందరూ కూర్చుని ఎవరేం మానుతున్నారో క్యాలెండర్ వెనక రాసుకోండి. మీ అత్తగారిది మొదట రాయండి. పోయినేటి మట్టలు ఇంట్లో సిలువ వెనక దోపి ఉంటాయి కదా, అవి గుళ్లో ఇచ్చి రమ్మని పాపను పంపండి. వాటిని కాల్చిన బూడిదే బుధవారం మీ అందరి నుదుటికీ వస్తుంది.

ఇక ఈస్టర్ సంగతి. శనివారం రాత్రి జాగరణ పూజ ముగిసి మీ అత్తగారు ఇంటికొచ్చే సమయానికి మీ పుట్టింటివాళ్లు తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్లడానికి కొవ్వొత్తులు సర్దుకుంటూ ఉంటారు. మీ ఊళ్లో ఆర్‌సీఎం వాళ్లూ లూథరన్లూ ఆ రోజు ఒకేచోట కలిసేది చికెన్ కొట్టు దగ్గర. ఏడింటికి వెళ్తే వరుస రోడ్డు దాకా ఉంటుంది. మీ వారిని శనివారమే చెప్పిపెట్టమనండి.